మూత తెరిస్తే ఇంకు, తిరగేస్తే ఫర్మ్‌వేర్

కంప్యూటర్ సామాను అమ్మే కొట్టులో కాసేపు నిలబడితే ఈ మాట తప్పకుండా వినబడుతుంది: "అన్నా, మా ప్రింటర్ ఫోటో ఉంది, చూసి ఇంకు ఇవ్వవా." ఫోన్‌లో ఒక తెల్లటి పెట్టె, మూలన కంపెనీ గుర్తు, నాలుగు బటన్లు. కొట్టతను రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసి చూస్తాడు. "నంబరు కనబడట్లేదండీ. ఇంట్లో ఎవరైనా ఉంటే మూత తెరిచి ఇంకో ఫోటో పంపమనండి" అంటాడు. నాకు తెలిసినంతలో ఇంతకంటే నమ్మదగిన జవాబు లేదు. నంబరు అడగకుండా వెంటనే డబ్బా తీసి ఇచ్చేవాడి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

ప్రింటర్లు, రౌటర్లు తయారుచేసే కంపెనీలు ప్రతి మోడల్‌కూ కొత్త అచ్చు చేయించవు. ఒకే ప్లాస్టిక్ పెట్టెలో వేర్వేరు భాగాలు బిగించి, వేర్వేరు నంబర్లతో, వేర్వేరు దేశాల్లో అమ్ముతాయి. అందుకని ముందు నుంచి తీసిన ఫోటో ఆ యంత్రం ఏ కుటుంబానిదో చెబుతుంది గానీ, ఆ కుటుంబంలో ఎవరో చాలాసార్లు చెప్పలేదు. ఇంకు కొనడానికి ఒక్కోసారి కుటుంబం తెలిస్తే సరిపోతుంది. ఫర్మ్‌వేర్‌కు మాత్రం ఎప్పుడూ సరిపోదు.

ప్రింటర్ ఫోటో చేతికి రాగానే ముందు తేల్చుకోవాల్సింది అది ఏ జాతిదన్నది. ముందువైపు కుడి పక్కన గానీ, పక్కకు అంటించిన పెట్టెలో గానీ రంగు ద్రవం కనిపించే చిన్న కిటికీలు ఉంటే అది ఇంక్ ట్యాంక్ ప్రింటర్. దానికి సీసాలు కొనాలి. కిటికీలు లేకుండా పలచగా, తేలిగ్గా కనిపిస్తే బహుశా కార్ట్రిడ్జ్‌లతో నడిచేది. దిట్టంగా, చతురస్రంగా ఉండి కాగితం పైనుంచి బయటికి వచ్చేటట్టుంటే లేజర్ అయ్యే అవకాశం ఎక్కువ. దానికి కావలసింది టోనర్ పొడి, ఇంకు కాదు. ఇంతవరకు మసక ఫోటో అయినా చాలు.

ట్యాంక్ ప్రింటర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాటు ఖరీదు ఇక్కడే ఎక్కువ. మన ఊళ్లలో జిరాక్స్ కొట్ల నుంచి ఇళ్ల దాకా బాగా కనిపించే ఎప్సన్ L వరుసనే తీసుకుందాం. L360, L380 లాంటి పాత వాటికి ట్యాంకు విడిగా కుడి పక్కన అంటించినట్టు ఉంటుంది. వీటికి 664 అనే ఇంకు. L3110, L3150, తర్వాత వచ్చిన L3210, L3250లకు ట్యాంకు ప్రింటర్ ఒంట్లోనే కలిసిపోయి, కిటికీలు ముందువైపు ఉంటాయి. మన దేశంలో వీటికి 003. కాబట్టి ట్యాంకు ఎక్కడుందో ఫోటోలో కనబడితే 664నో 003నో చాలావరకు ఊహించవచ్చు. L3110కు వైఫై లేదు, L3150కి ఉంది. ఫోటోలో వైఫై బటన్ కనబడితే రెండింటినీ వేరు చేయొచ్చు. అయితే రెండింటికీ పోసేది ఒకే 003 గనుక, ఇంకు కోసం వచ్చినవాళ్లు ఆ తేడా గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కంప్యూటర్‌లో డ్రైవర్ ఎక్కించేవాళ్లకే అది కావాలి.

చిక్కు వచ్చేది L4150, L4160, L6170 లాంటి వాటితో. వీటికీ ట్యాంకు ఒంట్లోనే, కిటికీలు ముందే. ఇంకు మాత్రం 001. పేరులో ఒక్క అంకె తేడా. సీసాలో తేడా అంతకంటే పెద్దది. 003లో నాలుగు రంగులూ డై ఇంకులే. అంటే రంగు నీళ్లలో పూర్తిగా కరిగి ఉంటుంది. 001లో నలుపు పిగ్మెంట్ ఇంకు. అందులో రంగు కరగదు, అతిసన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. మామూలు కాగితం మీద అచ్చు ముదురుగా రావడానికి, తడి తగిలినా తొందరగా చెదరకుండా ఉండటానికి అలా చేస్తారు. ఈ రెండింటినీ కలిపితే, వెంట్రుక కంటే సన్నని రంధ్రాలున్న ప్రింట్ హెడ్‌లో రేణువులు పేరుకుని అడ్డుపడే ప్రమాదం ఉంది.

"చిన్న తెర ఉంటే L4150, తెర లేకపోతే L3150" అని చెప్పేవాళ్లున్నారు. ఆ రెండింటి మధ్య అది నిజమే. కానీ L5190కి కూడా చిన్న తెర ఉంది, దాని ఇంకు 003. తెరను చూసి ఇంకు తేల్చడం సగం నిజాన్ని నమ్మడమే. ట్యాంకు మూత ఎత్తి లోపల ఏం రాసుందో చూడటం, లేదా ముందువైపు అచ్చయిన L నంబరు చదవడం తప్ప వేరే దారి లేదు.

ఇంకో సంగతి. కార్ట్రిడ్జ్‌కు ఎలక్ట్రానిక్ గుర్తింపు ఉంటుంది. తప్పుది పెడితే ప్రింటర్ వద్దంటుంది, మీ డబ్బులు పోతాయంతే. ఈ ట్యాంకు ప్రింటర్లకు అలాంటి కాపలా లేదు. సీసాలో ఏది ఉందో దానికి తెలియదు, పోసింది పోసినట్టు తాగేస్తుంది. అందుకని తప్పు సీసా పోశామని తెలిసిన క్షణంలోనే ప్రింటింగ్ ఆపేయాలి. శుభ్రం చేద్దామని హెడ్ క్లీనింగ్ నొక్కితే ఆ ఇంకును గొట్టాల్లోకి ఇంకా లోపలికి లాగినట్టవుతుంది. అప్పటికి ఇంకు ట్యాంకులోనే ఉంటే మెకానిక్ దాన్ని తోడి కడగగలడు. హెడ్‌దాకా వెళితే పని కష్టం, ఖర్చూ ఎక్కువే.

ఇక కార్ట్రిడ్జ్‌లు. ఫోటో మనిషిని మోసం చేయడానికి హెచ్‌పీ డెస్క్‌జెట్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కొన్నేళ్ల కిందట మన దగ్గర బాగా అమ్ముడైన డెస్క్‌జెట్ 2132కు 803 కార్ట్రిడ్జ్. డెస్క్‌జెట్ ఇంక్ అడ్వాంటేజ్ 2135కు 680. పక్కపక్కన పెడితే రెండు ప్రింటర్లూ కవలల్లా ఉంటాయి. తర్వాత వచ్చిన 2700 వరుసలోనూ అదే తంతు: 2723కు 805, ఇంక్ అడ్వాంటేజ్ 2776కు 682. "ఇంక్ అడ్వాంటేజ్" అన్న ఆ రెండు మాటలు ఊరికే పెట్టిన బిరుదు కాదు. ఆ వరుసలో కార్ట్రిడ్జ్‌కు ఎక్కువ పేజీలు వచ్చేటట్టు అమ్ముతారు, అందుకే వాటి కార్ట్రిడ్జ్‌లు వేరు. ఫోటోలో ఆ మాటలు చదవగలిగితే సగం పని అయినట్టే. కానీ అవి తెల్లటి ప్లాస్టిక్ మీద లేత బూడిద రంగులో చిన్నగా ఉంటే, ఫ్లాష్ వెలుగు పడగానే మాయమైపోతాయి. ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుతురులో, కాస్త పక్కవాటంగా తీస్తే అక్షరాలు తేలతాయి. కొన్నింటి మీద అసలు మోడల్ కాకుండా సిరీస్ పేరే ఉంటుంది. అప్పుడు ఎంత మంచి ఫోటో అయినా ప్రయోజనం ఉండదు.

ఈ చిక్కులో ఒక ఇంటిని ఊహించండి. డాలస్‌లో ఉండే అబ్బాయి సెలవుల్లో వస్తూ అక్కడ కొన్న డెస్క్‌జెట్ 2755ను తెనాలిలో నాన్నగారికి ఇచ్చి వెళ్లాడు. ఇంకు అయిపోయింది. నాన్నగారు ముందువైపు ఫోటో తీసి కొట్టుకు పంపారు. చూడటానికి మన 2723 లాగే ఉంది. కొట్టతను 805 జత ఇచ్చాడు. కార్ట్రిడ్జ్‌లు గూట్లో చక్కగా కూర్చున్నాయి, టక్ మని చప్పుడు కూడా వచ్చింది. కానీ ప్రింటర్ ఒప్పుకోలేదు. కార్ట్రిడ్జ్ సరైనది కాదని ఎర్రర్ చూపిస్తూనే ఉంది.

కొత్త కార్ట్రిడ్జ్ పాడైందని కొట్టతనితో గొడవ పడేది ఇలాంటప్పుడే. నిజానికి అందులో లోపమేమీ లేదు. ఈ 2700 కుటుంబానికి అమెరికాలో 67, యూరప్‌లో 305, మన దగ్గర 805 లేదా 682. ఆకారం దగ్గరదగ్గరగా ఒకటే అయినా, ఏ ప్రాంతపు ప్రింటర్‌కు ఏ కార్ట్రిడ్జ్ అన్నది చిప్‌లో రాసి ఉంటుంది. నాన్నగారు అబ్బాయికి ఫోన్ చేస్తే, "ముందు ఇంకు పెట్టే తలుపు తెరిచి లోపల స్టిక్కర్ చూడు నాన్నా, ఏ అంకె ఉంది?" అని అడగాలి. అక్కడ 67 అని కనబడితే సంగతి తేలిపోయినట్టే. ఎవరైనా వచ్చేటప్పుడు 67 తెప్పించుకోవచ్చు. లేదా ప్రింటర్ ఇక ఇక్కడే ఉండిపోతుంది గనుక దాని ప్రాంతాన్ని మార్చే వీలుందేమో కంపెనీ సహాయ కేంద్రాన్ని అడగవచ్చు. అమెరికా నుంచి లేజర్ ప్రింటర్ వస్తే ఇంకో జాగ్రత్త కూడా కావాలి. వెనుక స్టిక్కర్ మీద 100-240V అని ఉంటే ఫరవాలేదు. 110-127V అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు.

కార్ట్రిడ్జ్ ప్రింటర్‌కు అడగాల్సిన రెండో ఫోటో ఇదే: ఇంకు తలుపు తెరిచి, లోపలి స్టిక్కరూ పాత కార్ట్రిడ్జ్ పైభాగమూ కనబడేలా తీసింది. నిన్నటిదాకా బాగా పనిచేసిన పాత కార్ట్రిడ్జ్ మీద ఉన్న అంకె కంటే గట్టి సాక్ష్యం ఉండదు. ఒక్క మినహాయింపు ఉంది. ప్రింటర్ కొన్నప్పుడు పెట్టెలో వచ్చిన కార్ట్రిడ్జ్‌ల మీద SETUP అని ఉంటుంది. ఆ పేరుతో బయట ఏదీ అమ్మరు. అప్పుడు స్టిక్కరే దిక్కు. 2700 వరుసలో i అనే బటన్ నొక్కితే ప్రింటర్ తన సమాచారమంతా ఒక కాగితం మీద అచ్చేస్తుంది. మోడల్ పేరు అందులో స్పష్టంగా ఉంటుంది. కాస్త ఇంకు మిగిలుండగానే ఆ కాగితం తీసి ప్రింటర్ కింద దాచుకుంటే చాలా మేలు.

స్టిక్కర్‌లో కూడా ఒక ఉచ్చు ఉంది. హెచ్‌పీ ప్రింటర్ల అడుగున SNPRC, SDGOB, VCVRA లాంటి అక్షరాలతో మొదలై, తర్వాత అంకెలున్న ఒక పెద్ద నంబరు కనబడుతుంది. అది రెగ్యులేటరీ నంబరు, ప్రభుత్వ అనుమతుల కోసం పెట్టింది. ఒకే రెగ్యులేటరీ నంబరు కింద చాలా మోడళ్లు అమ్ముతారు. దాన్ని పట్టుకుని ఇంకు వెతికితే దారి తప్పినట్టే. ఫోటోను ఇంటర్నెట్‌లో పెట్టి పోలిక ఉన్న బొమ్మలు వెతికేవాళ్లదీ అదే కథ. ఆ వెతుకులాట రూపాన్ని పోలుస్తుంది, ఇక్కడ రూపం అందరిదీ ఒకటే.

రౌటర్ల దగ్గరికి వస్తే, మోడల్ పేరు కచ్చితంగా తెలిసినా పని పూర్తి కాదు. ఏళ్ల తరబడి మన ఇళ్లలో, ట్యూషన్ సెంటర్లలో, చిన్న ఆఫీసుల్లో గోడకు వేలాడిన టీపీ-లింక్ TL-WR841N చూడండి. తెల్లటి పెట్టె, రెండు యాంటెన్నాలు. ఆ ఒక్క పేరుతో V1 నుంచి V14 దాకా హార్డ్‌వేర్ వెర్షన్లు వచ్చాయి. V8లో ఒక ప్రాసెసర్, V9 నుంచి V12 దాకా ఇంకొకటి, V13లో పూర్తిగా వేరే కంపెనీ చిప్. V13లో 8 MB ఫ్లాష్, 64 MB మెమరీ ఉంటే, దాని తర్వాత వచ్చిన V14లో 4 MB, 32 MBకి తగ్గించారు. కొత్త వెర్షన్ అంటే మెరుగైనది అనుకోవడానికి కూడా వీల్లేదు. ఫర్మ్‌వేర్ అంటే ఆ చిప్ భాషలో, ఆ జాగాలో పట్టేలా రాసిన ప్రోగ్రామ్. V11 కోసం రాసింది V13కు అర్థం కాదు. పైనున్న పేరు మాత్రం రెండింటికీ ఒకటే.

ఈ వెర్షన్ ఫోటోలో కనబడదు. రౌటర్‌ను తిరగేయాలి. అడుగున స్టిక్కర్ మీద మోడల్ పేరు, బ్రాకెట్‌లో EU, IN లాంటి ప్రాంతపు అక్షరాలు, పక్కనే Ver: 11.0 లాంటి అంకె ఉంటాయి. చుక్కకు ముందున్నదే ముఖ్యం. 9.0 అయినా 9.1 అయినా అది V9. Ver అన్న మాటే లేకపోతే V1 అని లెక్క. స్టిక్కర్ చెరిగిపోయిందా? బ్రౌజర్‌లో 192.168.0.1 లేదా tplinkwifi.net తెరిచి లోపలికి వెళితే స్టేటస్ పేజీలో ఇలాంటి వరుస ఉంటుంది:

```
Hardware Version: WR841N v9 00000000
```

వెర్షన్ గురించి రౌటర్ తన నోటితో చెప్పే మాట ఇది. ఈ పేజీ స్క్రీన్‌షాట్ పంపితే ముందువైపు ఫోటోతో పనే లేదు. అడుగు స్టిక్కర్ ఫోటో ఎవరికైనా పంపేటప్పుడు మాత్రం వైఫై పాస్‌వర్డ్, పిన్ ఉన్న చోట వేలు అడ్డం పెట్టండి. సాయం చేసేవాళ్లకు కావలసింది మోడలూ వెర్షనే.

వెర్షన్ తెలియడం భద్రతకూ అవసరం. 2025 జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ CISA, దాడుల్లో నిజంగా వాడుతున్న లోపాల జాబితాలో CVE-2023-33538ను చేర్చింది. ఆ లోపం ఉన్నవాటిలో TL-WR841N కూడా ఉంది, కానీ ఆ పేరున్న ప్రతి పెట్టె కాదు, V8, V10 అని విడిగా చెప్పారు. మీ ఇంట్లో ఉన్నది ఏదో తెలియకపోతే ఆ వార్త మీకు సంబంధించిందో కాదో కూడా తెలియదు. ఇలాంటి పాత వెర్షన్లకు కంపెనీ మద్దతు ఆగిపోయింది. వాటికి సరైన ఫర్మ్‌వేర్ ఏది అని వెతకడం కంటే రౌటర్ మార్చడమే మంచిదని నా అభిప్రాయం. పాత రౌటర్లలో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కించి బతికించేవాళ్లున్నారు. కానీ 4 MB ఫ్లాష్, 32 MB మెమరీ ఉన్నవాటిని ఆ బృందమే ఎప్పుడో వదిలేసింది.

మీ వెర్షన్‌కు ఫర్మ్‌వేర్ ఉందనుకుందాం. కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ పేజీ తెరిచాక V9, V11, V13 అని వెర్షన్ ఎంచుకునే చోటు ఉంటుంది. చాలామంది దాన్ని గమనించకుండా మొదట కనబడినదే దింపుకుంటారు. మీ వెర్షన్ ఎంచుకుని, ప్రాంతం కూడా సరిచూసుకుని దింపండి. వచ్చేది ZIP ఫైలు. దాన్ని విప్పితే లోపల .bin ఫైలు ఉంటుంది, రౌటర్‌కు ఇవ్వాల్సింది ఆ .bin ఫైలునే. తప్పు ఫైలు ఇస్తే చాలాసార్లు రౌటర్ Error code: 18005 అని చూపించి ఒప్పుకోదు. అది అదృష్టం. అలా కాకుండా తప్పు ఫైలు ఎక్కిపోతే లైట్లన్నీ ఒకేసారి మెరుస్తూనో, అసలు ఏ పేజీ తెరుచుకోకుండానో ఉండిపోతుంది. బతికించే దారి ఉంది గానీ, అది కూడా వెర్షన్‌నే అడుగుతుంది. V11 అయితే కంప్యూటర్‌కు 192.168.0.66 అడ్రస్ పెట్టి, ఫైలుకు `wr841nv11_tp_recovery.bin` అని పేరు మార్చి, రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇవ్వాలి. ఇంకో వెర్షన్‌కు ఇంకో పేరు. ఇది తెలిసినవాళ్ల చేత చేయించుకోవాల్సిన పని.

జియో, ఎయిర్‌టెల్, ఏపీ ఫైబర్‌నెట్ లాంటివాళ్లు ఇచ్చే పెట్టెల జోలికి మాత్రం వెళ్లకండి. వాటి ఫర్మ్‌వేర్‌ను ఆ సంస్థలే దూరం నుంచి మారుస్తాయి, మనం దింపుకునేది ఏదీ ఉండదు. వాటి ముందు భాగం ఫోటో వేరే పనికి వస్తుంది. LOS అన్న దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంటే ఫైబర్ తీగలో ఇబ్బంది అని అర్థం, ఫర్మ్‌వేర్‌కు దానికీ సంబంధం లేదు.

సొంత రౌటర్‌కు ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు వైఫైతో కాకుండా LAN కేబుల్‌తో కంప్యూటర్‌ను కలపండి. రౌటర్‌నూ కంప్యూటర్‌నూ యూపీఎస్ మీద పెట్టండి. మధ్యలో కరెంటు పోవడమే ఈ పనిని ఎక్కువగా చెడగొట్టేది. ముందుగా WAN పేజీ తెరిచి, మీ కనెక్షన్ PPPoE అయితే ఆ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. ఫర్మ్‌వేర్ మారాక పాత సెట్టింగులన్నీ చెరిగిపోయే అవకాశం ఉంది. అప్పుడు ఆ రెండూ చేతిలో లేకపోతే కేబుల్ ఆపరేటర్ ఫోన్ ఎత్తేదాకా ఇంట్లో ఇంటర్నెట్ ఉండదు. రౌటర్ తిరిగి లేచాక స్టేటస్ పేజీలో ఫర్మ్‌వేర్ వరుస చూడండి. అందులో Build పక్కన ఆరు అంకెలు ఉంటాయి. అవి సంవత్సరం, నెల, రోజు. మీరు దింపుకున్న ఫైలు తేదీతో అవి సరిపోతే పని అయినట్టు. ఆ తర్వాత PPPoE వివరాలు, వైఫై పేరు, పాస్‌వర్డ్ మళ్లీ పెట్టుకోండి.